క్లిప్‌ల ఎంపికకు మోడల్ ఇచ్చే ర్యాంకును ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: మాది తెలుగు ఇంటర్వ్యూ ఛానల్. గంటన్నర ఎపిసోడ్ ట్రాన్‌స్క్రిప్ట్‌ను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు వైరల్ అయ్యే అవకాశం ఎంతో వందకు మార్కులు వేయమని లాంగ్వేజ్ మోడల్‌ను అడుగుతున్నాం. దాదాపు అన్నిటికీ 78, 82, 85 అనే వేస్తోంది. పైన వచ్చిన మూడింటిని యూట్యూబ్ షార్ట్స్‌గా పెడితే ఒకటి బాగా నడిచింది, రెండు అస్సలు నడవలేదు. ఈ మార్కులకు అసలు విలువ ఉందా? ఎలా తేల్చుకోవాలండీ?

సమాధానం:

మీరు ప్రచురించిన ఆ మూడు క్లిప్‌లను బట్టి మార్కులకు విలువ ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. మోడల్ పైన పెట్టిన వాటినే ప్రచురించారు కాబట్టి, అది అడుగున పెట్టినవి ప్రచురించి ఉంటే ఏమయ్యేదో మీ దగ్గర ఆధారం లేదు. అడుగు మూడింటిలో కూడా ఒకటి అంతే బాగా నడిచి ఉండేదేమో. అదే నిజమైతే మోడల్ మీకు ఏ సాయమూ చేయనట్టే. తేల్చుకోవడానికి దారి ఉంది. దానికి మోడల్‌ను అడిగే ప్రశ్నను మార్చాలి, ఆ ప్రశ్నకు సరిపోయే కొలతను ముందే ఎంచుకోవాలి, ర్యాంకులో పై నుంచి కింది వరకు అన్ని చోట్ల నుంచీ కొన్ని క్లిప్‌లను ప్రచురించాలి.

అయితే ర్యాంకు కంటే ముందు ముక్కలు ఎలా కోస్తున్నారో చూసుకోండి. విస్పర్ వంటి మోడల్ ఆడియోను 30 సెకన్ల చొప్పున తీసుకుని రాస్తుంది. అది ఇచ్చే వరుసలు వాక్యాలు కావు, తెలుగులో చాలాసార్లు విరామ చిహ్నాలు కూడా సరిగా ఉండవు. పైగా మన భాషలో క్రియ వాక్యం చివరన వస్తుంది. మాట్లాడే మనిషి "మా నాన్న ఆ రోజు యార్డుకు వెళ్ళి, కాటా దగ్గర నిలబడి, ఆ వ్యాపారి ముందే" అని ఊపిరి తీసుకుని, తర్వాత "బస్తా విప్పి చూపించాడు" అంటాడు. విరామాన్ని చూసి కోసే ప్రోగ్రాము సరిగ్గా ఆ ఊపిరి దగ్గరే కోస్తుంది, అసలు విషయం తర్వాతి ముక్కలోకి పోతుంది. అలాంటి ముక్కకు మోడల్ ఎన్ని మార్కులు వేసినా అర్థం లేదు.

నేను చేసే పద్ధతి ఇది. విస్పర్‌లో `word_timestamps=True` పెట్టి మాటమాటకూ సమయం తీసుకుంటాను. రెండు మాటల మధ్య అర సెకను కంటే ఎక్కువ ఖాళీ ఉన్న చోటల్లా కొత్త వరుస మొదలుపెట్టి, వరుసలకు అంకెలు వేస్తాను. ఆ అంకెల వరుసలను లాంగ్వేజ్ మోడల్‌కు ఇచ్చి, ఒక విషయం ఏ వరుసలో మొదలై ఏ వరుసలో ముగుస్తోందో ఆ రెండు అంకెలు మాత్రమే చెప్పమంటాను. నిమిషాలు, సెకన్లు దాన్ని అడగను. అడిగితే నమ్మదగ్గట్టు కనిపించే తప్పు సమయాలు రాస్తుంది. మాటలను తిరిగి రాయనివ్వను కూడా, ఎందుకంటే రాసేటప్పుడు వాక్యాన్ని నున్నగా చేసేస్తుంది, ఆ నున్నదనం వీడియోలో ఉండదు. అంకెలు వచ్చాక సమయం నా పట్టికలోంచి వస్తుంది. నిడివి 25 నుంచి 50 సెకన్ల మధ్య లేని ముక్కలను పక్కన పెడతాను. షార్ట్స్ గరిష్ఠ నిడివిని యూట్యూబ్ 2024 అక్టోబరులో మూడు నిమిషాలకు పెంచిన మాట నిజమే కానీ, నిడివులు మరీ తేడాగా ఉంటే తర్వాత పోల్చడం కష్టమవుతుంది.

ఇంకొక జాగ్రత్త. పేర్లు, ఇంగ్లీషు మాటలు, యాస ఉన్న చోట తెలుగు ట్రాన్‌స్క్రిప్ట్ తప్పుగా పడుతుంది. అలా పడిన ముక్క మోడల్‌కు అర్థం లేని మాటల్లా కనిపిస్తుంది కాబట్టి దాన్ని అడుక్కు తోసేస్తుంది. ర్యాంకు వచ్చాక అడుగున ఉన్న అయిదారు ముక్కలను ఒకసారి చెవులతో వినండి. వాటిలో రెండు మూడు మంచి ముక్కలే అయి, రాత మాత్రమే పాడై ఉంటే, మీ ర్యాంకు కొలుస్తున్నది క్లిప్ బలాన్ని కాదు, ట్రాన్‌స్క్రిప్ట్ నాణ్యతను. అప్పుడు ముందు ట్రాన్‌స్క్రిప్ట్‌ను సరిచేయాలి. ఐఐటీ మద్రాస్‌లోని AI4Bharat బృందం భారతీయ భాషల కోసం విడుదల చేసిన మోడల్స్‌ను కూడా ఒకసారి పక్కన పెట్టి పోల్చి చూడండి.

ఇక అడిగే ప్రశ్న. "వైరల్ అవుతుందా" అన్నది మోడల్ చేతిలో ఉన్న సమాచారంతో జవాబు చెప్పగలిగిన ప్రశ్న కాదు. దానికి మీ ఛానల్ ప్రేక్షకులు తెలియరు, అతిథి ముఖకవళికలు కనిపించవు, ఆ రోజు ఫీడ్‌లో ఇంకేమున్నాయో తెలియదు. తెలియని దాని మీద మార్కులు అడిగితే ఏ పరీక్షకుడైనా ఎవరినీ నొప్పించని 80 దగ్గర ఆగిపోతాడు. మీకు కనిపిస్తున్న 78, 82, 85 అవే. రాతను మాత్రమే చదివి చెప్పగలిగిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. నేను రెండే అడుగుతాను, రెండిటినీ విడివిడిగా అడుగుతాను.

మొదటిది ఆరంభం గురించి. ముక్కలోని మొదటి పది పన్నెండు మాటలు, అంటే సుమారు మొదటి అయిదు సెకన్లలో వినిపించేవి మాత్రమే మోడల్‌కు చూపిస్తాను. మిగతాది దాచేస్తాను. ఈ అతిథి ఎవరో తెలియని మనిషి ఈ మాటలు విన్నాక తర్వాతి మాట కోసం ఆగుతాడా అన్నది ప్రశ్న. మొత్తం ముక్కను చూపించి ఇదే అడిగితే, చివర్లో ఉన్న మంచి మాటను చూసి ఆరంభానికి కూడా ఎక్కువ మార్కులు వేసేస్తుంది. ప్రేక్షకుడికి ఆ చివర ఇంకా తెలియదు కదా. రెండోది పూర్ణత గురించి. ఇక్కడ మొత్తం ముక్క ఇస్తాను, ముందూ వెనకా ఏమీ ఇవ్వను. ఈ ముక్కలో "ఆయన", "అప్పుడు", "అదే" అన్నవి ఎవరినో దేనినో ముక్కలోనే తెలుస్తోందా, మొదలుపెట్టిన విషయం ముగిసిందా అని అడుగుతాను.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసే ఒకాయనతో మీరు గంటన్నర మాట్లాడారు. ఒక ముక్క "అదే నేను ఇందాక చెప్పింది, వాళ్ళు అలా చేయడం వల్లే మనకీ పరిస్థితి" అని మొదలవుతుంది. ఇంకొకటి "కోల్డ్ స్టోరేజీలో బస్తాలు పెట్టిన రైతు, ఎప్పుడు అమ్మాలో తనే నిర్ణయించుకుంటున్నాడని మీరు అనుకుంటున్నారా?" అని మొదలవుతుంది. మొదటి ముక్క లోపల ఎంత విషయం ఉన్నా, "ఇందాక", "వాళ్ళు", "అలా" అన్న మూడు మాటలూ బయట ఉన్నదాన్ని పట్టుకుని వేలాడుతున్నాయి. రెండోదానికి బయటి ఆధారం అక్కర్లేదు. ఈ తేడాను మోడల్ బాగానే పట్టుకుంటుంది, ఎందుకంటే ఇది రాతలోనే కనిపించే తేడా. అయితే ఆ వ్యాపారి గొంతు తగ్గించి, నవ్వుతూ చెప్పిన మాట ఒకటి ఉంటుంది చూడండి, దాన్ని మోడల్ పట్టుకోలేదు. నవ్వు, మౌనం, ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం వంటివి ట్రాన్‌స్క్రిప్ట్‌లో గుర్తుగా పెడితే కొంత నయం, అంతే.

మార్కుల బదులు జతలుగా పోల్చమని అడగండి. రెండు ముక్కల ఆరంభాలను పక్కపక్కన పెట్టి, ఏది మేలో ఒక్క అక్షరంతో చెప్పమంటే, మోడల్ 82కూ 85కూ మధ్య దాక్కోలేదు. ఇక్కడ ఒక తెలిసిన లోపం ఉంది: ముందు చూపించినదాని వైపో, తర్వాత చూపించినదాని వైపో మొగ్గు ఉంటుంది, అది మోడల్‌ను బట్టి మారుతుంది. అందుకే ప్రతి జతనూ వరుస తిప్పి రెండోసారి అడగాలి. రెండు సార్లూ ఒకే ముక్క గెలిస్తే దానికి ఒక పాయింటు. వరుస తిప్పగానే జవాబు మారితే చెరి సగం. ఎపిసోడ్‌కు 24 ముక్కలు ఉంటే అన్ని జతలూ కలిపి 276 అవుతాయి, తిప్పి అడిగితే 552. అంత అక్కర్లేదు. ఒక్కో ముక్కకు యాదృచ్ఛికంగా ఆరుగురు ప్రత్యర్థులు వచ్చేలా చేస్తే 72 జతలు, 144 ప్రశ్నలు సరిపోతాయి. గెలిచిన పాయింట్లను ఆడిన జతలతో భాగిస్తే ర్యాంకు వస్తుంది.

ఈ దశలోనే, ఒక్క క్లిప్ కూడా ప్రచురించకముందే, రెండు విషయాలు తెలిసిపోతాయి. వరుస తిప్పినప్పుడు జవాబు మారిన జతలు ఎన్నో లెక్కపెట్టండి. సగానికి సగం మారుతుంటే మోడల్‌కు అభిప్రాయమే లేదు, ప్రశ్నను ఇంకా స్పష్టంగా రాయాలి. రెండోది, గెలుపు నిష్పత్తికీ ముక్క నిడివికీ సంబంధం చూడండి. పొడుగు ముక్కలు వరుసగా పైకి వస్తుంటే, పూర్ణత ప్రశ్నలో మోడల్ పొడుగునే పూర్ణతగా లెక్కేస్తోందన్నమాట.

ఇక వాస్తవంతో సరిచూడటం. ఇక్కడ చాలామంది వీక్షణల సంఖ్యను పట్టుకుంటారు, నేను వద్దంటాను. 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్‌లో వీడియో మొదలైనా, తిరిగి మొదలైనా వీక్షణగానే లెక్కిస్తోంది, కనీసం ఇంతసేపు చూడాలన్న నియమం లేదు. పాత పద్ధతి లెక్క ఇప్పుడు వేరే పేరుతో ఉంది. అనలిటిక్స్ ఏపీఐలో దాని పేరు `engagedViews`. కాబట్టి ఆ తేదీకి ముందు పెట్టిన షార్ట్స్ వీక్షణలనూ తర్వాతివాటినీ ఒకే పట్టికలో కలిపితే లెక్క తప్పుతుంది. అంతకంటే పెద్ద సమస్య, వీక్షణల్లో ఒక్క క్లిప్ మిగతా పాతికా కలిపిన దానికంటే ఎక్కువ తెచ్చుకోవడం మామూలే. అలాంటి అంకెల సగటు ఆ ఒక్క క్లిప్ ఏ వర్గంలో పడిందో చెబుతుంది తప్ప ర్యాంకు గురించి ఏమీ చెప్పదు.

మోడల్‌ను రెండు ప్రశ్నలు విడిగా అడిగాం కాబట్టి, కొలతలూ రెండు ఉండాలి. ఆరంభం ప్రశ్నకు సరిపోయే కొలత, క్లిప్ ఎదురైనవారిలో ఎంతమంది జరిపేయకుండా ఆగారన్నది. యూట్యూబ్ స్టూడియోలో ఒక్కో షార్ట్‌కు ఆగి చూసినవారి శాతం, జరిపేసినవారి శాతం కనిపిస్తాయి; నేను దాన్ని చూసి పట్టికలో రాసుకుంటాను. ప్రోగ్రాముతో చేయాలంటే `engagedViews`ను మొత్తం వీక్షణలతో భాగించడం దానికి దగ్గరి ప్రత్యామ్నాయం, కాకపోతే మళ్ళీ మళ్ళీ తిరిగే క్లిప్‌లలో అది కాస్త తేడాగా వస్తుంది. పూర్ణత ప్రశ్నకు సరిపోయేది, వీడియోలో ఏ చోటిదాకా ఎంతమంది చూశారో చూపే నిలుపుదల గ్రాఫు. ఏపీఐలో `elapsedVideoTimeRatio` ప్రకారం `audienceWatchRatio` అడిగితే ఒక్కో వీడియోకు నూరు బిందువులు వస్తాయి. వాటిలో పాతిక శాతం దగ్గర ఉన్న విలువతో తొంభై శాతం దగ్గర ఉన్న విలువను పోల్చితే, ఆగినవారు చివరిదాకా ఉన్నారో లేదో తెలుస్తుంది. వెనక్కి తిప్పి చూసేవారి వల్ల ఈ నిష్పత్తి 1 దాటవచ్చు, కంగారు పడకండి.

ప్రచురణ ఎలా చేయాలన్నదే ఈ పరీక్షలో అసలు భాగం. ప్రతి ఎపిసోడ్ నుంచి నాలుగు క్లిప్‌లు తీయండి: ర్యాంకులో ఒక్కో నాలుగో వంతు నుంచి ఒకటి, యాదృచ్ఛికంగా. అడుగు నుంచి తీసినది మీకు నచ్చకపోయినా పెట్టాలి; మరీ ఛానల్ పరువు తీసేలా ఉంటేనే మార్చండి, మార్చినట్టు రాసుకోండి. ఎడిటర్‌కు ఏది ఏ ర్యాంకో చెప్పకూడదు. చెబితే, తెలియకుండానే పైదానికి మంచి శీర్షిక, చక్కటి సబ్‌టైటిల్స్, మంచి ఫ్రేము పడతాయి. తర్వాత మీరు కొలిచేది ఎడిటర్ శ్రద్ధను. నాలుగిటినీ ఒకే వేళకు, వరుస రోజుల్లో, చీటీలు తీసిన క్రమంలో పెట్టండి. ర్యాంకు ఫైలును ప్రచురణకు ముందే తేదీతో, మోడల్ పూర్తి పేరుతో, ప్రాంప్టుతో సహా భద్రపరచండి. ప్రతి క్లిప్‌నూ ప్రచురించిన పద్నాలుగో రోజున కొలవండి. ఒకదాన్ని మూడో రోజున, ఇంకొకదాన్ని నెల తర్వాత కొలిస్తే పోలిక చెడుతుంది, ఎందుకంటే క్లిప్ విస్తరించే కొద్దీ మీ ఛానల్‌తో పరిచయం లేనివారికి చేరుతుంది, ఆగి చూసే శాతం సాధారణంగా తగ్గుతుంది.

పోలిక ఎప్పుడూ ఎపిసోడ్ లోపలే జరగాలి. ఎందుకో లెక్కతో చూపిస్తాను. ఈ అంకెలు వివరణ కోసం నేను వేసుకున్నవి. మిర్చి వ్యాపారి ఎపిసోడ్‌లో మోడల్ ర్యాంకు ప్రకారం పై నుంచి కిందికి నాలుగు క్లిప్‌లను ఆగి చూసినవారి శాతాలు 71, 64, 66, 52 అనుకోండి. ఇంకొక ఎపిసోడ్‌లో, ఒక రిటైర్డ్ లెక్చరర్‌తో చేసినదానిలో, 48, 55, 41, 43 అనుకోండి. రెండూ కలిపి చూస్తే మిర్చి ఎపిసోడ్‌లో అడుగున ఉన్న 52 కూడా లెక్చరర్ ఎపిసోడ్‌లో మొదటి ర్యాంకు 48 కంటే పైన ఉంది. అది అతిథి తేడా, విషయం తేడా. మీ ఎడిటర్ ఎలాగూ ఒక ఎపిసోడ్ లోపలి నుంచే ఎంచుకోవాలి కాబట్టి, మోడల్ అక్కడ పనికొస్తోందా లేదా అన్నదే చూడాలి.

నాలుగు క్లిప్‌లలో ఆరు జతలు ఉంటాయి. మొదటి ఎపిసోడ్‌లో 64, 66 జత ఒక్కటే ర్యాంకుకు ఎదురు తిరిగింది, మిగతా అయిదూ ర్యాంకు చెప్పినట్టే ఉన్నాయి. రెండోదానిలో 48కీ 55కీ, 41కీ 43కీ ఎదురు తిరిగాయి, నాలుగు సరిపోయాయి. మొత్తం 12 జతల్లో 9 సరి, అంటే 75 శాతం. వినడానికి బాగుంది. కానీ ఏ తెలివీ లేకుండా చీటీలు తీసి ర్యాంకు వేసినా సగటున ఆరు సరిపోతాయి. తొమ్మిది లేదా అంతకంటే ఎక్కువ సరిపోయే అవకాశం ఎంత? దీన్ని ఎపిసోడ్ లోపల క్లిప్‌లను కలగలిపి లెక్కించవచ్చు.

```python
from itertools import combinations
import random

def agree(stay):
    return sum(a > b for a, b in combinations(stay, 2))

episodes = [[71, 64, 66, 52], [48, 55, 41, 43]]
real = sum(agree(e) for e in episodes)

N = 20000
hits = 0
for _ in range(N):
    t = sum(agree(random.sample(e, len(e))) for e in episodes)
    hits += t >= real
print(real, hits / N)
```

ఇది 9 అని, సుమారు 0.12 అని చూపిస్తుంది. అంటే గుడ్డిగా వేసిన ర్యాంకు కూడా ఎనిమిది సార్లకు దాదాపు ఒకసారి ఇంత బాగా కనిపిస్తుంది. రెండు ఎపిసోడ్‌లతో ఏమీ తేలదు. అదే 75 శాతం ఎనిమిది ఎపిసోడ్‌ల పాటు, అంటే 32 క్లిప్‌లలో 48 జతలకు 36 సరిపోయేలా నిలబడితే, అదృష్టం వల్ల అలా జరిగే అవకాశం వెయ్యికి రెండు మూడు మాత్రమే. ఎనిమిది ఎపిసోడ్‌ల తర్వాత 48కి 29 మాత్రమే సరిపోతే మళ్ళీ ఏడు సార్లకు ఒకసారి అదృష్టంతో వచ్చే ఫలితమే. వారానికి ఒక ఎపిసోడ్ వేసే ఛానల్‌కు ఇది రెండు నెలల పని. తక్కువలో తేల్చే దారి నాకు కనబడలేదు. మూడు వారాలకే నిర్ణయం చెప్పేవారిని చూశాను, వాళ్ళ నిర్ణయం నాలుగో వారానికి మారిపోతుంది.

ఒక్కో శాతంలోనే ఉండే తడబాటును కూడా లెక్కలోకి తీసుకోండి. క్లిప్ 400 మందికే ఎదురైతే 60 శాతం అన్న అంకెకు అటూ ఇటూ రెండున్నర పాయింట్ల ప్రామాణిక దోషం ఉంటుంది. రెండు క్లిప్‌ల తేడాకు అది మూడున్నర. అలాంటప్పుడు 64కూ 66కూ తేడా ఉందనుకోవడం తప్పు, ఆ జతను సమంగా వదిలేసి అర పాయింటు ఇవ్వడం నయం. 5,000 మందికి చేరిన క్లిప్‌లో ఈ దోషం ఒక పాయింటు కంటే తక్కువకు వస్తుంది. ఇది కూడా కనీస అంచనాయే, ఎందుకంటే ఎవరికి చూపించాలో యూట్యూబ్ ఎంచుకుంటుంది, చీటీలు తీసి కాదు. కనీసం ఇంతమందికి చేరితేనే క్లిప్‌ను పోలికలోకి తీసుకుంటానని ముందే ఒక గీత పెట్టుకోండి. ఫలితాలు చూశాక గీత గీస్తే, మనకు నచ్చిన క్లిప్‌లే గీతకు ఇవతల ఉంటాయి.

మోడల్ చీటీలను ఓడించినంత మాత్రాన సరిపోదు, ఖర్చు లేని మామూలు నియమాన్ని కూడా ఓడించాలి. అవే 32 క్లిప్‌లకు మరో మూడు ర్యాంకులు వేయండి: చిన్న క్లిప్ పైన అనే ర్యాంకు, మొదటి వాక్యంలో ప్రశ్న ఉంటే పైన అనే ర్యాంకు, ఫలితాలు చూడకుండా మీ ఎడిటర్ వేసిన ర్యాంకు. ఇవన్నీ అవే 48 జతలపై లెక్కించవచ్చు, కొత్తగా ప్రచురించేది ఏమీ లేదు. మోడల్‌కు 34 వచ్చి, "మొదటి వాక్యంలో ప్రశ్న" అన్న నియమానికి 33 వస్తే, మోడల్ చేస్తున్న పని ఏమిటో మీకు అర్థమైనట్టే. పొడుగు ఎపిసోడ్ నిలుపుదల గ్రాఫులో ఎగసిన చోట్లను వాడుకోమని కొందరు చెబుతారు. ఆలోచన బాగానే ఉంది, కానీ గంటన్నర వీడియోను నూరు బిందువులుగా చేస్తే ఒక్కో బిందువు 54 సెకన్లు. మీ 40 సెకన్ల ముక్క మొత్తం ఒకే బిందువులో మునిగిపోతుంది. ఎక్కడ వెతకాలో చెప్పడానికి పనికొస్తుంది, ఎక్కడ కోయాలో చెప్పదు.

నా అనుభవంలో ఈ రెండు ప్రశ్నలకూ ఫలితం ఒకేలా రాదు. ఆరంభం ర్యాంకు ఆగినవారి శాతంతో కొంత కలుస్తుంది. పూర్ణత ర్యాంకు పైభాగంలో పెద్దగా తేడా చూపదు కానీ, అడుగున మాత్రం గట్టిగా పనిచేస్తుంది: ఎవరి గురించో తెలియని "ఆయన"తో నిండిన ముక్కలు నిజంగానే మధ్యలో ప్రేక్షకులను పోగొట్టుకుంటాయి. కాబట్టి పూర్ణతను ర్యాంకుగా కలపకుండా జల్లెడగా వాడతాను. అడుగు మూడో వంతును తీసేసి, మిగిలినవాటిని ఆరంభంతో ర్యాంకు చేస్తాను. రెండిటినీ కూడి ఒకే మార్కు చేస్తే ఈ తేడా కనిపించకుండా పోతుంది. మోడల్ పదే పదే తప్పే చోటు కూడా ఒకటి ఉంది. నీతివాక్యంలా వినిపించే ముక్కలంటే దానికి ఇష్టం: "జీవితంలో ఓపిక ఉన్నవాడే గెలుస్తాడు" అన్న తరహావి. రాతలో అవి సంపూర్ణంగా కనిపిస్తాయి, ఏ సందర్భమూ అడగవు. తెర మీద అదే మాట ప్రతి ఛానల్‌లోనూ విన్నదే. మీ పట్టికలో ర్యాంకుకు ఎదురు తిరిగిన జతలను విడిగా తీసి చదివితే ఇలాంటి అలవాట్లు బయటపడతాయి, మొత్తం శాతాన్ని చూస్తే బయటపడవు.

అలవాటు బయటపడగానే ప్రాంప్టు మార్చాలనిపిస్తుంది. మార్చవచ్చు, కానీ మార్చిన ప్రాంప్టును అవే 32 క్లిప్‌ల మీద పరీక్షించి "ఇప్పుడు 40 సరిపోయాయి" అంటే దానికి విలువ లేదు, ఎందుకంటే ఆ జవాబులు చూసే కదా మార్చింది. కొత్త ప్రాంప్టు తర్వాతి ఎపిసోడ్‌ల మీదే నిలబడాలి. అక్కడ కూడా ఎపిసోడ్‌కు నాలుగిటిలో ఒకటి మాత్రం ర్యాంకుతో పని లేకుండా చీటీ తీసి పెడుతూ ఉండండి. అది కూడా ఆపేస్తే మళ్ళీ పైవి మాత్రమే ప్రచురించే స్థితికి వస్తారు, ర్యాంకు చెడిపోయినా తెలియదు.

మోడల్ వెర్షను మారినప్పుడు మొత్తం మళ్ళీ రెండు నెలలు చేయనక్కర్లేదు. భద్రపరచిన పాత జతలనే కొత్త వెర్షనుకు ఇచ్చి, ఎన్ని జవాబులు మారాయో చూడండి. వరుస తిప్పినప్పుడు పాత మోడల్ తనంతట తాను మార్చుకున్న జతల సంఖ్యకు దగ్గరగా ఉంటే పాత ఫలితాన్నే కొనసాగించవచ్చు. అంతకంటే బాగా ఎక్కువైతే, పాత 32 క్లిప్‌ల కొలతలు మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి కొత్త ర్యాంకును వాటితో అదే రోజు సరిచూసుకుని, పాతదానికంటే తక్కువ వస్తే పాత వెర్షనుకే తిరిగి వెళ్ళండి.